నిచ్చెన లెక్కలో దాక్కున్న ఇంగ్లీషు

ప్రశ్న: నమస్తే అండి. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే, ఎంపీసీలో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు ఇంటి నుంచే వెళ్లొస్తూ భీమవరంలో బీటెక్ సివిల్ ఫస్టియర్. ఇంజనీరింగ్ మెకానిక్స్ క్లాసులో సార్ చెప్పింది సగం అర్థమయ్యేలోపే తర్వాతది మొదలైపోతుంది. టెక్నికల్ పదాల లిస్టు రాసుకుని బట్టీ పట్టాను, అయినా మొదటి మిడ్‌లో 30కి 8 వచ్చాయి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ డిక్షనరీ కొనాలి? ఎన్ని పదాలు నేర్చుకోవాలి?

జవాబు:

డిక్షనరీ కొనకమ్మా. నిన్ను ఇబ్బంది పెడుతున్న మాటలు టెక్నికల్ డిక్షనరీలో ఉండవు. ఇరవై రెండేళ్లుగా ఫస్టియర్ పిల్లలకి మెకానిక్స్ చెబుతున్నాను. అంతకుముందు నేనూ ఆ సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి, నరసాపురంలో దిగి చదువుకున్నవాడినే. తెలుగు మీడియం పిల్లల పేపర్లు దిద్దుతుంటే ప్రతి ఏడూ ఒకటే కనిపిస్తుంది. 'కోఎఫిషెంట్ ఆఫ్ ఫ్రిక్షన్' దగ్గర ఎవరూ బోల్తా పడరు. 'విత్ ది వర్టికల్' దగ్గర పడతారు.

పెద్ద పదాల సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న పని. ఘర్షణ గుణకం నీకు తెలుసు. దాన్ని μ అనే రాశావు, తెలుగు పుస్తకంలో కూడా. బలం F, ద్రవ్యరాశి m, త్వరణం a. అంటే సూత్రాలన్నీ ఇంటర్ నుంచే నీ దగ్గర ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. సార్ 'మూమెంట్' అన్నప్పుడు అది నీ భ్రామకమే అని తెలిస్తే చాలు, దాని వెనక ఉన్న విషయం మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. ఈ జతలు కలుపుకోవడానికి లిస్టు రాసుకునే పని కూడా లేదు. ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్, పాత ప్రశ్నపత్రాల్లో ప్రతి ప్రశ్నా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పక్కపక్కనే ఉంటుంది. నువ్వు ప్రాక్టీసు చేసినవి ఇంట్లో అటక మీద ఉండే ఉంటాయి. అప్పుడు తెలుగు వైపే చదివి ఉంటావు. ఇప్పుడు ఫిజిక్సులో ఘర్షణ, భ్రామకం, ద్రవ్యరాశి కేంద్రం వచ్చిన ప్రశ్నలు తీసి ఇంగ్లీషు వైపు చదివి, అర్థం కానప్పుడు మాత్రం తెలుగు వైపు చూడు. పదం ఒంటరిగా కాకుండా వాక్యంలో దొరుకుతుంది కాబట్టి గుర్తుంటుంది.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మన పుస్తకాల్లో సామర్థ్యం అంటే పవర్, దక్షత అంటే ఎఫిషెన్సీ, శక్తి అంటే ఎనర్జీ. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఈ మూడూ కలగాపులగం. ఆ అలవాటుతో ఎఫిషెన్సీని సామర్థ్యం అనుకున్నావంటే వాట్లలో సమాధానం రాస్తావు, రావాల్సింది శాతం.

ఇక అసలు సంగతి. నేను ఫస్టియర్‌లో ఉన్నప్పుడు బోర్డు మీద 'ఎ లైట్ స్ట్రింగ్ పాసెస్ ఓవర్ ఎ స్మూత్ పుల్లీ' అని రాశారు. లైట్ అంటే నాకు తెలిసింది దీపం. వెలిగే తాడు ఎందుకో నాకు అర్థం కాలేదు, ఏదో ప్రయోగం కాబోలు అనుకుని ఊరుకున్నాను. లైట్ అంటే తేలికైన అని రెండు వారాలకు తెలిసింది. అంతకంటే ముఖ్యమైనది తెలియడానికి సెమిస్టర్ పట్టింది. మెకానిక్స్‌లో లైట్ అంటే తేలిక అని మాత్రమే కాదు, 'ఈ తాడు బరువు సున్నా అనుకో' అని ఆజ్ఞ. అలాగే స్మూత్ అంటే నున్నన అని వర్ణించడం కాదు, 'ఇక్కడ ఘర్షణ బాణం గీయకు' అని చెప్పడం. తెలుగు పుస్తకంలో అయితే 'ద్రవ్యరాశి లేని తాడు', 'ఘర్షణ లేని తలం' అని విప్పి చెబుతారు. ఇంగ్లీషులో మామూలు మాటలోనే ఆ సమాచారం దాచేస్తారు. మామూలు మాటే కదా అని నువ్వు దాటిపోతావు, లెక్క అక్కడే ఆగిపోతుంది.

ఒక లెక్క పూర్తిగా చేసి చూపిస్తాను. మీ ఫ్రిక్షన్ చాప్టర్‌లో ఇది తప్పకుండా ఉంటుంది. సార్ నోట ఇలా వస్తుంది: 'ఎ యూనిఫామ్ ల్యాడర్ ఆఫ్ వెయిట్ 200 న్యూటన్స్ రెస్ట్స్ ఆన్ ఎ రఫ్ హారిజాంటల్ ఫ్లోర్ అండ్ లీన్స్ అగెనెస్ట్ ఎ స్మూత్ వర్టికల్ వాల్. ది ల్యాడర్ మేక్స్ 60 డిగ్రీస్ విత్ ది హారిజాంటల్ అండ్ ఈజ్ జస్ట్ అబౌట్ టు స్లిప్. ఫైండ్ ది కోఎఫిషెంట్ ఆఫ్ ఫ్రిక్షన్ బిట్వీన్ ది ల్యాడర్ అండ్ ది ఫ్లోర్.'

దీన్ని తెలుగులోకి అనువాదం చేయకు. క్లాసులో అంత టైము ఉండదు, అవసరమూ లేదు. మాట వినగానే బొమ్మలో ఒక గీత పడాలి, అంతే. ల్యాడర్ అనగానే గోడకు ఆనించిన నిచ్చెన గీశావు. యూనిఫామ్ అంటే స్కూలు బట్టలు కాదు, నిచ్చెన పొడవునా ఒకేలా ఉందని. దాని గీత ఏమిటంటే, 200 న్యూటన్ల బరువు సరిగ్గా నిచ్చెన మధ్యలో కిందికి బాణం. ఆ మాట లేకపోతే బరువు ఎక్కడ వేయాలో తెలియదు, లెక్కే లేదు. రెస్ట్స్ ఆన్ అంటే నిచ్చెన నేల మీద ఆనుకుని ఉందని, కాబట్టి నేల పైకి తోస్తుంది. నిచ్చెన కాలి దగ్గర పైకి N. రఫ్ అన్నారు కాబట్టి అక్కడే గోడ వైపుకి ఘర్షణ F. కాలు గోడకు దూరంగా జారాలని చూస్తుంది, ఘర్షణ దాన్ని ఆపుతుంది, అందుకే గోడ వైపుకి. స్మూత్ వాల్ అన్నారు కాబట్టి పైన గోడ దగ్గర ఒకే ఒక బాణం, గోడకు లంబంగా బయటికి R. నిట్టనిలువు బాణం అక్కడ గీస్తే తప్పు. ఇక జస్ట్ అబౌట్ టు స్లిప్. ఇదే లెక్కకు తాళంచెవి. జారబోయే క్షణం అంటే ఘర్షణ తన గరిష్ఠ విలువకు చేరింది, నీ తెలుగు పుస్తకంలో సీమాంత ఘర్షణ. గీత కాదు, సమీకరణం: F = μN. ఇదే సంగతిని ఒక్కో పుస్తకం ఒక్కోలా చెబుతుంది. 'ఇంపెండింగ్ మోషన్', 'ఆన్ ది వెర్జ్ ఆఫ్ స్లిప్పింగ్', 'ఆన్ ది పాయింట్ ఆఫ్ మోషన్', ఇవన్నీ F = μN అనే ఒక్క ముక్కకు మారుపేర్లు. జారబోతోందని చెప్పే ఇలాంటి మాట ఏదీ లేకుండా వస్తువు కదలక ఉంటే F = μN వాడకూడదు. అప్పుడు ఘర్షణ ఎంత కావాలో అంతే ఉంటుంది, గరిష్ఠం అక్కర్లేదు. నేను దిద్దిన పేపర్లలో ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా ఎక్కువగా చేసే తప్పు ఇదే.

బొమ్మ పూర్తయ్యాక భాషతో పని లేదు. నిలువుగా చూస్తే N = 200. అడ్డంగా చూస్తే F = R. ఇక నిచ్చెన కాలిని A అనుకుని భ్రామకాలు. సార్ 'టేకింగ్ మూమెంట్స్ అబౌట్ ఎ' అంటారు. ఇదిగో, మళ్లీ అబౌట్. స్కూల్లో నేర్చుకున్నది 'గురించి'. ఇక్కడ అది A బిందువు 'చుట్టూ'. పైన జస్ట్ అబౌట్ టు స్లిప్‌లో అదే మాటకు 'బోతోంది' అని అర్థం. ఒకే లెక్కలో ఒకే చిన్న మాట రెండు పనులు చేసింది, స్కూల్లో నేర్చుకున్న అర్థం రెండింట్లోనూ పనికిరాలేదు. నిచ్చెన పొడవు L అంటే:

R × L sin 60° = 200 × (L/2) cos 60°

L రెండు వైపులా పోతుంది. R = 100 / tan 60° = 57.7 న్యూటన్లు. F కూడా అంతే. μ = 57.7 / 200 = 0.289.

ఇప్పుడు ప్రశ్నలో ఒక్క మాట మారుద్దాం. 'విత్ ది హారిజాంటల్' బదులు 'విత్ ది వర్టికల్'. కోణం నేలతో కాదు, గోడతో 60 డిగ్రీలు. అంటే నేలతో 30. R = 100 / tan 30° = 173.2, μ = 0.866. సరిగ్గా మూడు రెట్లు. భ్రామకం, సీమాంత ఘర్షణ, సమతాస్థితి అన్నీ వచ్చిన పిల్ల కూడా ఆ ఒక్క మాట చెవిన పడకపోతే సున్నా తెచ్చుకోవచ్చు. నీ 8 మార్కుల పేపరు మళ్లీ తీసి చూడు. పోయిన 22లో విషయం రాక పోయినవి ఎన్ని, ప్రశ్నలో చిన్న మాట జారిపోయి పోయినవి ఎన్ని అని విడదీయి. రెండో రకమే ఎక్కువ ఉంటాయని నా అంచనా. మొదటి రకమే ఎక్కువైతే నేను చెప్పే పద్ధతి నీకు సగమే పనికొస్తుంది. అప్పుడు ముందు ఇంటర్ ఫిజిక్స్ తెలుగు పుస్తకంలో ఆ పాఠం మళ్లీ చదవాలి.

నిచ్చెన ఎందుకు తీసుకున్నానంటే అది మనం రోజూ చూసే వస్తువు. వర్షాకాలంలో మన వాకిలి గచ్చు నాచు పట్టి ఎలా ఉంటుందో తెలుసుగా. మా మావయ్య సున్నం వేయడానికి నిచ్చెన వేస్తే కాళ్ల కింద గోనె సంచి మడిచి పెట్టేవాడు. ఎందుకంటే 'జారకుండా' అనేవాడు. ఆయన పెంచింది μ. గోడ వైపు ఏమీ పెట్టేవాడు కాదు. పై లెక్క చూస్తే గోడ దగ్గర ఘర్షణే లేదనుకున్నా నిచ్చెన నిలబడుతుంది, నేల దగ్గర లేకపోతే నిలబడదు. సార్ ఇంగ్లీషులో 'రఫ్ ఫ్లోర్, స్మూత్ వాల్' అన్నప్పుడు నీకు ఆ గోనె సంచి గుర్తొస్తే చాలు.

క్లాసులో వెనకబడటం గురించి. సార్ మాటలు పూర్తి వాక్యాలుగా రాయాలని చూస్తున్నావు కదూ? చాలామంది అదే చేస్తారు. మొదటి వాక్యం రాసేలోపు మూడోది వచ్చేస్తుంది. పేజీని నిలువుగా మూడొంతులు చేసుకో. కుడి పక్క ఒక వంతు ఖాళీగా వదిలెయ్. మిగతా చోట బొమ్మ, బాణాలు, సమీకరణాలు మాత్రమే. తెలియని మాట చెవిన పడితే తెలుగు లిపిలో ఎలా వినిపిస్తే అలా రాసి పడెయ్. 'ఇంపెండింగ్', 'నెగ్లిజిబుల్', 'రెస్పెక్టివ్లీ'. పక్కవాళ్లు చూస్తే నవ్వుతారని సిగ్గుపడకు, స్పెల్లింగ్ కోసం ఆగితే బొమ్మ పోతుంది. ఆ సాయంత్రమే, తిరుగు ప్రయాణంలోనే, టెక్స్ట్‌బుక్‌లో అదే పేజీ తీసి ఆ మాటలను వెతికి ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో కుడి వైపు రాయి. దాని పక్కన అర్థం కాదు, అది బొమ్మలో ఏం గీయమంటోందో రాయి. రెస్పెక్టివ్లీ పక్కన 'మొదటిది మొదటిదానికి, రెండోది రెండోదానికి'. నెగ్లెక్ట్ పక్కన 'సున్నా'. రేపటికి వాయిదా వేస్తే నువ్వు తెలుగులో రాసుకున్నది నీకే అర్థం కాదు. నా పాత నోట్సులో 'ఇక్విలెంట్' అని రాసుకున్నాను, అది ఈక్వివలెంటో ఈక్విలిబ్రియమో ఇప్పటికీ తెలీదు.

ఇంకో సగం పని ముందు రోజు జరగాలి. పంటు కోసం రేవులో కూర్చునే ఇరవై నిమిషాలు ఉంటాయి కదా, రేపటి పాఠంలో రెండు మూడు పేజీలు తిరగెయ్. అర్థం కావాలని చదవకు. బొమ్మలు చూడు, కింద పేర్లు పైకి చదువు. పెదవులు కదలాలి. కంటికి మాత్రమే తెలిసిన పదం చెవికి కొత్తగానే ఉంటుంది. ఒకసారి నీ నోటితో 'లిమిటింగ్ ఫ్రిక్షన్' అని ఉంటే మర్నాడు సార్ వేగంగా అన్నా నీ చెవి పట్టుకుంటుంది. గుర్తుల సంగతీ అంతే. 'సిగ్మా ఎఫ్ ఎక్స్ ఈక్వల్స్ జీరో' అన్నది అడ్డంగా ఉన్న బలాలన్నీ కలిపితే సున్నా అనే సమీకరణమే అని చెవికి అలవాటు కావాలి.

యూట్యూబ్‌లో తెలుగులో చెప్పే పాఠాలు చూడొచ్చా అని అందరూ అడుగుతారు. చూడు, కానీ మొదట ఒక పది నిమిషాలు మాత్రం. విషయం బుర్రకెక్కాక అదే టాపిక్ ఇంగ్లీషులో విను. ఐఐటీల వాళ్లు చెప్పిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, వేగం 0.75కి తగ్గించి సబ్‌టైటిల్స్ పెట్టుకో. వరస తిరగేసి ముందు ఇంగ్లీషు, తర్వాత తెలుగు అంటే ఇంగ్లీషు వినేటప్పుడు చెవులు మూసుకుంటావు, తెలుగు వస్తుందిలే అని. తెలుగుతోనే ఆపేస్తే ఇంకో చిక్కు. లెక్క వస్తుంది, పరీక్షలో రాయడానికి ఒక్క వాక్యం రాదు.

రాయడం గురించి భయం అక్కర్లేదు. మెకానిక్స్ జవాబుకు కావలసిన వాక్యాలు పదీ పదిహేనుకు మించవు, అవే తిరిగి తిరిగి వస్తాయి. 'సిన్స్ ది వాల్ ఈజ్ స్మూత్', 'రిజాల్వింగ్ ది ఫోర్సెస్ వర్టికల్లీ', 'టేకింగ్ మూమెంట్స్ అబౌట్ ఎ', 'సబ్‌స్టిట్యూటింగ్ ఇన్ ఈక్వేషన్ వన్'. సాల్వ్ చేసిన లెక్కల్లోంచి వీటిని ఎత్తి రాసుకుని, నిచ్చెన లెక్కను పుస్తకం మూసి ఇంగ్లీషు వాక్యాలతో సహా మూడుసార్లు రాయి. నాలుగో లెక్కకు వాక్యాలు వాటంతట అవే వస్తాయి. వ్యాకరణం తప్పిందని మార్కు కోసిన ఎగ్జామినర్‌ని నేను చూడలేదు. బొమ్మ లేదని మాత్రం నేనే కోశాను.

క్లాసులో డౌట్ అడగాలంటే ఇంగ్లీషు వాక్యం కూర్చుకుంటూ ఉండిపోకు. 'సార్, ఇక్కడ F = μN పెట్టొచ్చా?' అను. గుర్తు చెబితే ఏ సారైనా గుర్తుతోనే జవాబిస్తారు. మిగతాది స్టాఫ్‌రూమ్‌లో తెలుగులో అడుగు. మన వైపు కాలేజీల్లో తెలుగు రాని లెక్చరర్ ఎంతమంది ఉంటారు?

ఈ పద్ధతి మెకానిక్స్‌కి, మ్యాథ్స్‌కి, రేపు సెకండియర్‌లో వచ్చే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌కి సరిపోతుంది, వాటిలో ప్రతి మాటా బొమ్మగానో సమీకరణంగానో మారుతుంది కాబట్టి. ఇంజనీరింగ్ కెమిస్ట్రీ లాంటి చదివి రాసే సబ్జెక్టులకు ఇంత బాగా పనిచేయదు. అక్కడ పేరాలు రాయాలి, దానికి టైము పడుతుంది. అందుకే అన్నీ ఒకేసారి మొదలుపెట్టకుండా రెండో మిడ్ దాకా మెకానిక్స్ ఒక్కదానితో చెయ్. మూడు నాలుగు వారాలకు పేజీలో కుడి పక్క వంతు ఖాళీగా మిగలడం మొదలవుతుంది. అది నిజమైన గుర్తు.

చివరగా ఒక లెక్క ఇస్తున్నాను, నువ్వే చెయ్. అదే నిచ్చెన, అదే గోడ, నేలతో 60 డిగ్రీలు. 'ఎ మ్యాన్ ఆఫ్ వెయిట్ 600 న్యూటన్స్ స్టాండ్స్ ఎట్ ది టాప్ ఆఫ్ ది ల్యాడర్, అండ్ ది ల్యాడర్ ఈజ్ ఆన్ ది వెర్జ్ ఆఫ్ స్లిప్పింగ్.' μ విలువ 0.505 వస్తే నీ బాణాలన్నీ సరిగ్గా ఉన్నట్టే. 2.02 వచ్చిందంటే నేల మోసే బరువులో మనిషిని కలపడం మర్చిపోయావు. 0.289 వచ్చిందంటే 'స్టాండ్స్ ఎట్ ది టాప్' అన్న ముక్కే చదవలేదు. 1.516 వస్తే మళ్లీ గోడతో కోణం తీసుకున్నావు. 0.289తో పోల్చి చూస్తే, మనిషి పైకెక్కాక మా మావయ్యకు గోనె సంచి ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా తెలుస్తుంది.